మీ ఉత్తరంలో మా దుకాణం ఎక్కడ ఉంది? ఒక స్పాన్సర్‌షిప్ అభ్యర్థన పూర్వాపరాలు

విజయవాడ శివారులోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. విద్యార్థుల రోబోటిక్స్ క్లబ్బు బాధ్యత కూడా నాదే. ఏటా ఫిబ్రవరిలో ఆ క్లబ్బు రెండు రోజుల కార్యక్రమం జరుపుతుంది. మొదటి రోజు శిక్షణ, రెండో రోజు నల్లగీత వెంట నడిచే రోబోల పోటీ. 2025లో ఫిబ్రవరి 21, 22 తేదీలు ఖరారు చేసుకున్నాం. జట్టుకు నలుగురు చొప్పున 40 జట్లు, మొత్తం 160 మంది. ఈ కార్యక్రమం కోసం గవర్నర్‌పేటలోని ఒక ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాన్ని ఎలా అడిగాం, బదులుగా ఏమి ఇస్తామన్నాం, అందులో ఎంత నిలబెట్టుకున్నాం, ఎక్కడ తడబడ్డాం అన్నది రాస్తున్నాను. దుకాణం పేరు రాయనని యజమానికి మాట ఇచ్చాను. మాతో కుదుర్చుకున్న బేరం చుట్టుపక్కల దుకాణాలకు తెలియడం ఆయనకు ఇష్టం లేదు.

ముందు మా మొదటి ఉత్తరం సంగతి. జనవరి మొదటి వారంలో విద్యార్థులు ఒక ఉత్తరం తయారు చేశారు. నేను చదివి సంతకం చేశాను కాబట్టి తప్పులో నాకూ వాటా ఉంది. రెండు పేజీల ఇంగ్లీషు ఉత్తరం. మొదటి పేజీ అంతా కళాశాల ఎప్పుడు పెట్టారు, ఏ గుర్తింపులు వచ్చాయి, క్లబ్బు ఎన్ని బహుమతులు గెలిచింది అన్న వివరాలే. రెండో పేజీలో ఒక పట్టిక: 50,000 ఇస్తే ముఖ్య స్పాన్సర్, 25,000 ఇస్తే బంగారు, 10,000 ఇస్తే వెండి. బదులుగా బ్యానర్ మీద లోగో, సామాజిక మాధ్యమాల్లో ప్రస్తావన, వేదిక మీద సత్కారం. చివరి వాక్యంలో ‘ఉదారంగా విరాళం ఇచ్చి ప్రోత్సహించండి’ అని ఉంది. బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు, గవర్నర్‌పేటల్లో 22 దుకాణాలకు ఇచ్చి వచ్చారు. సంక్రాంతి ముందు వారం. బట్టల కొట్లలో ఊపిరాడని రద్దీ, మిగతా కొట్లలో పండుగకు ఊరు వెళ్లే హడావుడి. ఒక్కరి నుంచీ జవాబు రాలేదు.

పండుగ తర్వాత పిల్లలు మళ్లీ తిరిగారు. విడిభాగాల దుకాణం యజమాని మాత్రం ఉత్తరం పారేయకుండా గల్లాపెట్టె కింద ఉంచారు. మా క్లబ్బు కార్యదర్శి, మూడో సంవత్సరం అమ్మాయి, వెళ్లి అడిగితే దాన్ని తీసి బల్ల మీద పరిచి, ‘అమ్మా, ఇందులో మీ కాలేజీ పేరు తొమ్మిది సార్లు ఉంది. నేను లెక్కపెట్టాను. మా దుకాణం ఎక్కడ ఉందో చూపించు’ అన్నారట. ఆ అమ్మాయి వచ్చి నాకు చెప్పినప్పుడు ముందు నవ్వు వచ్చింది. తర్వాత ఉత్తరం తీసి చూస్తే ఆయన అన్నది అక్షరాలా నిజం. చిరునామా మార్చితే అదే కాగితం మిఠాయి కొట్టుకూ ఇవ్వవచ్చు, మందుల షాపుకూ ఇవ్వవచ్చు. అలాగే ఇచ్చాం కూడా.

జనవరి 28, మంగళవారం మధ్యాహ్నం నేనూ కార్యదర్శీ ఆ దుకాణానికి వెళ్లాం. రోజు, వేళ రెండూ చూసుకుని వెళ్లాం. నెలలో 11న, 20న జీఎస్టీ రిటర్నుల గడువులు ఉంటాయి. వాటికి ముందు రెండు మూడు రోజులు చిన్న వ్యాపారికి అకౌంటెంటుతో తప్ప ఎవరితోనూ మాట్లాడే ఓపిక ఉండదు. సాయంత్రం ఐదు దాటితే కళాశాలల పిల్లలు గల్లా ముందు మూగుతారు. మధ్యాహ్నం రెండున్నర మంచి సమయం. డబ్బు అడగకూడదని ముందే అనుకున్నాం. ఒక గంట కూర్చుని వ్యాపారం చూస్తామని ఆయనను అడిగాం. విచిత్రంగా చూసి, రెండు స్టూళ్లు వేయించారు.

ఆ గంటలో చూసినవి రెండు. మొదటిది, వచ్చిన పిల్లల్లో ఎక్కువ మంది ఒక్క సెన్సర్, నాలుగు జంపర్ తీగలు, ఒక సెల్ హోల్డర్ లాంటివే కొన్నారు. అసలు బోర్డులు, మోటార్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, అందులో ఏదో తక్కువ పడితే ప్రాజెక్టు పరీక్షకు ముందురోజు ఇక్కడికి పరుగెత్తుకు వస్తున్నారు. ‘నా దగ్గరికి వచ్చేది అత్యవసరం మాత్రమే మాస్టారూ. అసలు బేరం ఫోనులో అయిపోతోంది’ అన్నారాయన.

రెండోది మాకు అసలు తట్టని సంగతి. ఒక కుర్రవాడు రెండు రోజుల క్రితం కొన్న మోటారు డ్రైవరు బోర్డు తెచ్చి, పనిచేయడం లేదు, మార్చి ఇవ్వమన్నాడు. అది ఎల్298ఎన్ బోర్డు. చిన్న రోబోలకు అందరూ వాడేదే. యజమాని దాన్ని తిప్పి చూసి, ఐదు వోల్టుల రెగ్యులేటర్ పక్కన గోధుమ రంగుకు తిరిగిన మచ్చ చూపించారు. బ్యాటరీ తీగను 12 వోల్టుల టెర్మినల్‌కు కాకుండా పక్కనున్న 5 వోల్టుల టెర్మినల్‌కు బిగించాడు. కుర్రవాడు ఒప్పుకోలేదు. పది నిమిషాల వాదన తర్వాత, వెనుక నలుగురు నిలబడి వింటున్నారని, ఆయనే తగ్గి కొత్త బోర్డు ఇచ్చారు. ఇలాంటివి ఎన్ని వస్తాయని అడిగితే కింద ఒక అట్టపెట్టె చూపించారు. అందులో బోర్డులు, సెన్సర్లు కలిపి అరవై దాకా ఉన్నాయి. ఆయన అనుమతితో సెన్సర్లు కొన్ని తీసి అక్కడే మల్టీమీటరుతో చూశాను. పన్నెండింటిలో ఏడు శుభ్రంగా పనిచేస్తున్నాయి. అవి నల్లగీతను పసిగట్టే సెన్సర్లు. వాటి మీద ఉండే ప్రీసెట్ అనే చిన్న మరను స్క్రూడ్రైవరుతో తిప్పి, ఎంత వెలుతురు తిరిగి వస్తే తెలుపు, ఎంత తగ్గితే నలుపు అన్నది సరిచేసుకోవాలి. ఆ సంగతి తెలియక పాడైనవని తెచ్చి ఇచ్చేశారు.

బస్సులో తిరిగి వస్తూ కార్యదర్శి ఒక మాట అంది: ‘సర్, ఆయనకు మన బ్యానర్‌తో పని లేదు. ఆ అట్టపెట్టె నిండకుండా ఉంటే చాలు.’ రెండో ఉత్తరం ఆ మాట మీదే రాశాం.

ఉత్తరం కన్నా ముందు మా లెక్క మళ్లీ వేసుకోవలసి వచ్చింది. కిట్లకు 46,000 (40 జట్లకు ఒక్కొక్కటి 1,150 చొప్పున), రెండు రోజుల భోజనాలకు 28,000, బహుమతులకు 15,000, పోటీ ట్రాకుకు 9,000, ధ్రువపత్రాలు వగైరా ముద్రణకు 8,000. మొత్తం 1,06,000. కళాశాల ఇచ్చేది 20,000. జట్టుకు 700 చొప్పున రుసుము 28,000. ఇంకా 58,000 లోటు. మొదటి ఉత్తరంలో 50,000 అడగడం ఈ లోటును చూసే. కానీ లోటులో అధిక భాగం కిట్లదే, ఆ కిట్లు ఆయన అరల్లో ఉన్న సరుకే. మేము డబ్బు అడిగి ఆ డబ్బుతో వస్తువులు కొనబోతున్నాం, వస్తువులున్న మనిషిని పట్టుకుని. కిట్లను రెండు రోజులకు అరువుగా తీసుకుంటే మిగిలే లోటు 12,000. కాలిపోయే భాగాలకు 5,000, తీగలు ఎలా కలపాలో చూపిస్తూ కొత్తగా అనుకున్న వైరింగ్ కార్డు ముద్రణకు 3,000 కలిపితే నగదుగా కావలసింది 20,000.

ఉత్తరం తెలుగులో, ఒకే పేజీలో, ప్రిన్సిపాల్ అనుమతి పొంది కళాశాల లెటర్‌హెడ్ మీద రాశాం. పేరు, చిరునామా తీసేసి మిగతాది యథాతథంగా ఇస్తున్నాను.

‘అయ్యా, జనవరి 28న మీ దుకాణంలో మాకు సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. ఆ రోజు చూసినదాన్ని బట్టి ఈ ప్రతిపాదన రాస్తున్నాం.

ఫిబ్రవరి 21, 22 తేదీల్లో మా కళాశాలలో 160 మంది విద్యార్థులు, 40 జట్లుగా, ఎల్298ఎన్ బోర్డు, బీఓ మోటార్లు, ఐఆర్ సెన్సర్లతో రోబోలు తయారు చేస్తారు. వీరిలో 112 మంది రెండు, మూడు సంవత్సరాల వారు. రాబోయే సెమిస్టర్లలో ప్రాజెక్టులకు ఇవే భాగాలు కొంటారు.

మీ నుంచి కోరేవి: ఒకటి, 40 కిట్లు రెండు రోజులకు అరువు. జాబితా జతపరిచాం. కాలిపోయిన, పోయిన ప్రతి భాగానికీ మీ బిల్లు ధర చెల్లిస్తాం. రెండు, కళాశాల పేరున 20,000 రూపాయలు, చెక్కు లేదా బ్యాంకు బదిలీ ద్వారా, సగం ఇప్పుడు, సగం కార్యక్రమం తర్వాత మా నివేదిక చూసి.

మేము ఇచ్చేవి: మొదటి రోజు ఉదయం 10 నుంచి 11 వరకు బోర్డులు కాలిపోకుండా ఎలా కలపాలి, సెన్సర్ ఎలా సరిచేసుకోవాలి అన్న పాఠం, కొన్న బోర్డును గల్లా దగ్గరే ఎలా పరీక్షించుకోవాలో కూడా అందులో చూపిస్తాం. అదే విషయంతో, మీ దుకాణం పేరు, చిరునామా ఉన్న ప్లాస్టిక్ పూత కార్డు 160 మందికీ. ప్రతి కార్డుకూ వరుస సంఖ్య ఉంటుంది. ఏప్రిల్ 30 వరకు ఆ కార్డు చూపిస్తే మీరు ఒప్పుకున్న తగ్గింపు ఇచ్చి, సంఖ్య మీ పుస్తకంలో రాసుకుంటే ఎంతమంది వచ్చారో మీకే తెలుస్తుంది. పోటీ ట్రాకు మీద మీ పేరు. రెండు రోజులూ మీ మనిషి కూర్చోవడానికి ఒక బల్ల, విద్యుత్ సౌకర్యం. విడిభాగాలు అమ్మే మరో దుకాణం పేరు ఈ కార్యక్రమంలో ఉండదు.

మేము హామీ ఇవ్వలేనిది: అమ్మకాలు. ఎంతమంది కొంటారో మాకు తెలియదు.’

చివరి రెండు వాక్యాలు తీసేయమని మా విభాగంలోనే ఒకరు సలహా ఇచ్చారు. అడిగే చోట బలహీనత ఎందుకు చూపించడం అని ఆయన వాదన. నేను ఉంచాను. యజమాని తర్వాత నాతో మాట్లాడినప్పుడు మొదట ఎత్తింది ఆ వాక్యాలనే: ‘ప్రకటనలు అమ్మేవాళ్లందరూ రెట్టింపు బేరం అవుతుందంటారు. మీరొక్కరే తెలియదన్నారు.’ ఉత్తరంలో నాకు ఇప్పటికీ నచ్చనిది ‘112 మంది’ అన్న అంకె. నమోదు పూర్తి కాకముందే పోయిన ఏడాది తీరును బట్టి వేసిన అంచనా అది. అంచనా అని రాయలేదు. చివరికి 104 మంది తేలారు. ఆయన అడగలేదు కానీ నివేదికలో నేనే సరిదిద్దాను.

బేరం వెంటనే కుదరలేదు. మొదటి అడ్డంకి అరువు దగ్గరే వచ్చింది. ‘ఒకసారి తీగలు బిగించి విప్పిన బోర్డును కొత్తదని ఎలా అమ్మను మాస్టారూ? స్క్రూ గాట్లు కనబడతాయి కదా’ అన్నారు. మేము ఆలోచించనిది ఇదే. అరువు అంటే ఆయనకు ఖర్చు లేదని అనుకున్నాం. నిజానికి 40 కిట్లు సెకండ్ హ్యాండ్ సరుకు అయిపోతాయి. దీనికి పరిష్కారం విద్యార్థులను ఎరిగిన మా వైపు నుంచే వచ్చింది. రెండు రోజులు కష్టపడి చేసిన రోబోను విప్పి ఇచ్చేయడానికి ఏ జట్టుకూ మనసు రాదు. పోటీ అయిన సాయంత్రం అదే కిట్టును 1,150కి బదులు 950కి కొనుక్కునే వీలు ఇద్దామన్నాం. కొనని వాటిని ఆయన వెనక్కి తీసుకుంటారు. ఆయన కాలిక్యులేటర్ మీద ఏదో వేసుకుని, కొన్న ధర మాకు చెప్పకుండా, సరే అన్నారు.

రెండో అడ్డంకి ఫోను నంబర్లు. పాల్గొనే 160 మంది పేర్లు, నంబర్ల జాబితా ఇస్తే వాట్సాప్‌లో ధరలు పంపుకుంటానన్నారు. ఇది చాలామంది స్పాన్సర్లు అడిగేదే, చాలా క్లబ్బులు ఆలోచించకుండా ఇచ్చేసేదే. పోటీలో చేరడానికి ఇచ్చిన నంబరును వ్యాపార ప్రకటనలకు అప్పగించే హక్కు మాకు లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రధానంగా ఆధారపడేదీ ఆ వ్యక్తి సమ్మతి మీదే. చట్టం పేరు చెబితే ఆయన ముఖం ముడుచుకుంది. అందుకే మాట మార్చి, నమోదు పత్రంలో ఒక గడి పెడతామన్నాను: ‘ఈ దుకాణం నుంచి ధరల సమాచారం అందుకోవడానికి నాకు ఇష్టమే’ అని. గడి ముందే టిక్కు పెట్టి ఉండదు. ఇష్టమైన వారే పెడతారు, వారి నంబర్లే ఇస్తాం. 58 మంది పెట్టారు. వద్దన్న వంద మందికి సందేశాలు పంపి తిట్టించుకోవడం కన్నా ఇది మేలని ఆయనకు తర్వాత తెలిసింది.

మూడోది ఆయన ఆడిటర్ నుంచి వచ్చింది. ఇది విరాళమా, ప్రకటన ఖర్చా? మా మొదటి ఉత్తరంలోని ‘విరాళం’ అన్న మాట ఇక్కడ మమ్మల్ని ఇరికించేది. పేరు వేసి, కార్డు ఇచ్చి, బల్ల కేటాయించి తీసుకునే డబ్బు విరాళం కాదు. అది వ్యాపార ప్రకటన ఖర్చు. దుకాణం అన్నదమ్ములిద్దరి భాగస్వామ్య సంస్థ. మా కళాశాలను నడిపేది ఒక సొసైటీ. కంపెనీ లాంటి సంస్థ కానివారు భాగస్వామ్య సంస్థకు స్పాన్సర్‌షిప్ సేవ అందిస్తే, 18 శాతం జీఎస్టీని సేవ అందుకున్నవారే నేరుగా ప్రభుత్వానికి కట్టాలి. 2025 జనవరి 16 నుంచి కంపెనీలు అందించే స్పాన్సర్‌షిప్‌కు మాత్రం ఈ పద్ధతి మారింది, మాకు మారలేదు. అంటే 20,000 మీద ఆయన 3,600 కట్టి, తర్వాత దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తన జీఎస్టీలో సర్దుబాటు చేసుకోవాలి. ఈ సంగతి ముందే చెప్పకపోతే, చెక్కు రాశాక 23,600 ఖర్చు అయిందని తెలిసి ఆయన మమ్మల్ని అనుమానించి ఉండేవారు. మూలంలో పన్ను కోత, అంటే టీడీఎస్, మా విషయంలో రాలేదు. ఒకే చెల్లింపు 30,000 గానీ, ఏడాది చెల్లింపులు కలిపి లక్ష గానీ దాటితేనే అది వస్తుంది. నగదుగా ఇచ్చేస్తానని కూడా ఒకసారి అన్నారు. ఒకరికి రోజుకు 10,000 మించి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోవడం కష్టమని ఆడిటరే వారించారు. పైగా క్లబ్బుకు సొంత పాన్ గానీ, బ్యాంకు ఖాతా గానీ లేవు. విద్యార్థి ఖాతాలోకి డబ్బు వేయించుకునే అలవాటు కొన్ని చోట్ల ఉంది. దాన్ని నేను ఒప్పుకోను. ఆ పిల్లవాడు రేపు సమాధానం చెప్పుకోవలసి వస్తే పక్కన ఎవరూ నిలబడరు.

ఫిబ్రవరి 6న మొదటి 10,000 చెక్కు కళాశాల ఖాతాకు వచ్చింది.

కార్డు తయారీకి మేము ఊహించిన దానికన్నా ఎక్కువ సమయం పట్టింది. మొదటి నమూనాలో విద్యార్థులు పద్నాలుగు సూచనలు కూర్చారు. దుకాణం పేరు కింద చీమల్లా అక్షరాలు. ఆ అట్టపెట్టెను గుర్తు చేసి, అందులోకి సరుకును చేర్చే తప్పులు ఏవో అవే ఉంచమన్నాను. నాలుగు మిగిలాయి. బ్యాటరీ ధన తీగ 12 వోల్టుల టెర్మినల్‌కే, 5 వోల్టుల దానికి కాదు. బ్యాటరీ గ్రౌండు, రోబోకు ఆదేశాలిచ్చే ఆర్డుయినో బోర్డు గ్రౌండు తప్పక కలపాలి. కలపకపోతే బోర్డు బాగానే ఉన్నా మోటారు తిరగదు, లేదా ఇష్టం వచ్చినట్లు తిరుగుతుంది. మోటారు సరఫరా 12 వోల్టులు దాటితే బోర్డు మీద రెగ్యులేటర్ జంపర్ తీసేయాలి. మా కిట్టులోని రెండు లిథియం సెల్లకు దాన్ని ఉంచవచ్చు. సెన్సర్ పాడైందనుకునే ముందు తెల్ల కాగితం మీద, నల్ల టేపు మీద పెట్టి, దీపం మారే వరకు ప్రీసెట్ తిప్పి చూడాలి. వెనుక వైపు రంగుల్లో వైరింగ్ బొమ్మ, కింద దుకాణం పేరు, దారి, కార్డు సంఖ్య. అంతే. అది పనిముట్ల డబ్బాలో పట్టే కొలతలో ఉండాలని కూడా పట్టుబట్టాను. బ్యానర్‌ను ఆ సాయంత్రమే చుట్టేస్తారు. ఇది మోటారు తిరగని ప్రతి రాత్రీ బయటికి వస్తుంది.

ఇక మేము తడబడిన చోటు. ట్రాకు మీద దుకాణం పేరు వేస్తామని రాశాం కదా. తెల్లటి ఫ్లెక్సు మీద మూడు సెంటీమీటర్ల నల్లగీత, మధ్యలో పెద్ద నల్ల అక్షరాలతో దుకాణం పేరు, అదీ రెండో మలుపు లోపలి వైపు, ఫోటోల్లో బాగా పడేచోట. ముందురోజు సాయంత్రం ఆరున్నరకు పరీక్షగా ఒక రోబోను వదిలాం. రెండో మలుపు దగ్గర గీత వదిలేసి నేరుగా దుకాణం పేరులోని మొదటి అక్షరం మీదికి వెళ్లి, దాని వంపు వెంట తిరిగి, అక్కడే గిరగిర తిరగడం మొదలుపెట్టింది. పిల్లలు పడి పడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సెన్సరుకు గీత అని, పేరు అని తేడా ఏముంటుంది? కిందికి పంపిన పరారుణ కాంతిని నల్ల సిరా పీల్చుకుంటే చాలు, అది గీతే. మలుపులో రోబో కాస్త బయటికో లోపలికో జరుగుతుంది. ఆ జరిగే మేరలో నలుపు ఏదీ ఉండకూడదు. నాలాంటివాడు ఉత్తరం రాసేటప్పుడే ఆలోచించవలసిన సంగతి ఇది.

కొత్త ఫ్లెక్సు వేయించడానికి వేళ మించింది. అక్షరాల మీద తెల్ల వినైల్ అంటించి, ఉన్న పేరు కప్పేశాం. కప్పే ముందే యజమానికి ఫోను చేశాను. ఇచ్చిన మాటలో ఒకటి తప్పుతున్నామని, కారణం ఇదని, బదులుగా ట్రాకు చుట్టూ ఉన్న చెక్క అంచు మీద నాలుగు వైపులా పేరు అంటిస్తామని, అది చాలదనుకుంటే రెండో విడతలో తగ్గించుకోవచ్చని చెప్పాను. అవతల కొంచెం సేపు నిశ్శబ్దం. తర్వాత, ‘అంటే మీ రోబో కూడా గీత వదిలి మా దుకాణానికే వచ్చిందన్నమాట’ అన్నారు. మరునాడు ఆ మాటను ఆయనే మైకులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. మేము రేపు చెప్పవచ్చులే అని ఊరుకుని, ఆయన ఉదయం వచ్చి తెల్ల వినైల్ కింద తన పేరు చూసి ఉంటే కథ వేరుగా ఉండేది.

రెండు రోజులు గడిచాక లెక్కలు ఇలా తేలాయి. 40 కిట్లలో 26 కిట్లను జట్లే 950 చొప్పున కొనుక్కున్నాయి. దుకాణానికి 24,700 వచ్చాయి. 14 వెనక్కి వెళ్లాయి. కాలిపోయినవి, పోయినవి కలిపి 3,180 బిల్లు అయింది. మేము 5,000 కేటాయించుకున్నాం. కాలిన డ్రైవరు బోర్డులు మూడు. వాటిలో రెండు శిక్షణ గంటకు ఆలస్యంగా వచ్చిన ఒకే జట్టువి. బల్ల దగ్గర కూర్చున్న దుకాణం కుర్రవాడు మొదటి రోజు మధ్యాహ్నానికే సర్దుకుని వెళ్లిపోతానన్నాడు, ఎవరూ రావడం లేదని. బల్ల భోజనశాల దారిలో వేశాం. అక్కడ పిల్లలు ఆకలితో నడుస్తారు, ఆగరు. దాన్ని తయారీ హాలు లోపలికి, స్క్రూడ్రైవర్ల పక్కకు మార్చాక అతనికి కూర్చునే తీరిక దొరకలేదు.

ఫిబ్రవరి 27న నివేదిక ఇచ్చాం. రెండు పేజీలు. ఉత్తరంలో ఇస్తామన్న ప్రతి అంశం ఎదుట జరిగిందా లేదా, రుజువు ఏమిటి. ట్రాకు మీద పేరు దగ్గర ‘జరగలేదు’ అని రాసి పక్కన కారణం, చెక్క అంచు ఫోటో. పిల్లలకు ఇది మింగుడు పడలేదు. డబ్బు ఇంకా రావలసి ఉండగా ‘జరగలేదు’ అని ఎవరైనా రాస్తారా సర్ అని అడిగారు. మార్చి 3న మిగతా 10,000 వచ్చింది, కోత లేకుండా.

ఏప్రిల్ 30 తర్వాత వెళ్లి ఆయన పుస్తకం చూశాం. ఐదు శాతం తగ్గింపుతో 63 కొనుగోళ్లు, 41 వేర్వేరు కార్డుల మీద. కార్డుల్లో దాదాపు పావు వంతు ఆయన గల్లా దాకా వచ్చాయన్నమాట. ఇందులో ఎంతమంది కార్డు లేకపోయినా వచ్చేవారో చెప్పలేను. అట్టపెట్టె నిండడం తగ్గిందా అని అడిగితే, కార్డు ఉన్నవాళ్లెవరూ వాదనకు రాలేదన్నారు. ముందు ఎన్ని వచ్చేవో లెక్క రాసి పెట్టలేదు కాబట్టి దాన్ని ఫలితంగా చూపించను. ఈసారి జనవరిలోనే వెళ్లి, వెనక్కి వచ్చే ప్రతి బోర్డుకూ తేదీ, కారణం రాసే ఒక చిన్న పుస్తకం ఆయన గల్లా దగ్గర పెట్టించాలని ఉంది.

జూన్‌లో ఆయన నుంచి ఫోను వచ్చింది. ‘మాస్టారూ, ఆ కార్డులు ఇంకా ఏమైనా మిగిలాయా? వేరే కాలేజీ పిల్లలు కూడా అడుగుతున్నారు. 500 నేనే వేయించుకుంటాను, బొమ్మ పంపండి. మీ కాలేజీ ముద్ర మాత్రం తీసేయకండి, అది ఉంటే పిల్లలు నమ్ముతున్నారు.’ బొమ్మ పంపడానికి అభ్యంతరం లేదు. ముద్ర వ్యాపార ముద్రణలో వాడుకోవడానికి మాత్రం కళాశాల యాజమాన్యం రాతపూర్వకంగా అనుమతించాలి. ఆ దరఖాస్తు ఇప్పుడు ప్రిన్సిపాల్ బల్ల మీద ఉంది. ఈసారి అడిగే ఉత్తరం దుకాణం యజమానే రాశారు, ఒకే పేజీలో.